రాయని కాగడా

టైర్ల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. ముందు గదిలో ఒక పొడుగాటి బల్ల, నాలుగు కుర్చీలు, గోడకి పెద్ద టీవీ. వెనక గదిలో ఎడిటింగు కంప్యూటర్లు, వాటి వేడికి పగలంతా తిరుగుతూనే ఉండే ఫ్యాను. కింద కొట్టువాడు మెషీనుతో చక్రాల బోల్టులు విప్పినప్పుడల్లా పైన బల్లమీది టీ కప్పులు గడగడలాడతాయి. మొదటిసారి వచ్చినవాళ్లు భూకంపమేమో అనుకుని లేచి నిలబడతారు. ఆఫీసువాళ్లు మాత్రం కప్పు మీద చెయ్యి వేసి మాట కొనసాగిస్తారు.

ఆ ఆఫీసు తమ్ముడిది. వీడియో గేములు తయారుచేసే కంపెనీలకి ట్రైలర్లు చేసిపెడతాడు. గేము ఇంకా సగంలో ఉండగానే, అది ఎలా ఉండబోతోందో ఒక నిమిషంలో చూపించి జనం నోళ్లు తెరిపించాలి. వెనక గదిలో ఎడిటింగు అతని భార్యది. ముందు గదిలో కిటికీ పక్క కుర్చీ అక్కది. ఈ కథ ఆవిడది.

అక్క పాతికేళ్లు ప్రకటనలు రాసింది. సబ్బులు, సీలింగు ఫ్యాన్లు, గోడ రంగులు. ఒక్క మాటతో ఆగడం ఆవిడ చేతకాదు. బట్ట తెల్లగా ఉందంటే చాలదు. తెల్లగా, తెల్లతెల్లగా, మొన్నటి తెలుపు సిగ్గుపడేంత తెల్లగా ఉండాలి. ఆ పాతికేళ్లలో ఆవిడ రాతని కొట్టేసినవాళ్లూ, తిరగరాయించినవాళ్లూ, మొహం మీదే బాలేదన్నవాళ్లూ లెక్కలేనంతమంది. అందరినీ ఇంటికొచ్చి దుమ్మెత్తిపోసేది, తెల్లారేసరికి మళ్లీ రాసి పట్టుకెళ్లేది. ఒకరోజు ఆ కంపెనీ, ఇకమీదట ప్రకటనలు మెషీన్లే రాసుకుంటాయని చెప్పి, ఆవిడకి ఒక పూలగుత్తి ఇచ్చి పంపేసింది.

అప్పుడు తమ్ముడు వచ్చాడు. అతనికంటే ఆవిడ పన్నెండేళ్లు పెద్ద. చిన్నప్పుడు అతనికి జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ, లెక్కల్లో తప్పితే వీపు విమానం మోత మోగించిందీ ఆవిడే. "నా దగ్గరికి రా అక్కా, నాకు మాటలొచ్చినవాళ్లు కావాలి," అన్నాడు. "ఇప్పుడు వీడియోలు కూడా మెషీన్లే చేస్తున్నాయి. కాకపోతే ఏం కావాలో వాటికి మాటల్లో చెప్పాలి. దాన్నే ప్రాంప్ట్ అంటారు. తెలుగులో చెప్పినా అర్థం చేసుకుంటాయి."

"అంటే నన్ను తోలేసిన మెషీన్లకే నేను చాకిరీ చేయాలన్నమాట," అంది అక్క. అంటూనే మర్నాడు పొద్దున్నే, అతనికంటే ముందు వచ్చి తాళం ముందు నిలబడింది.

అది జరిగి రెండేళ్లు. ఈ రెండేళ్లూ పని ఒక పద్ధతిలో సాగింది. అక్క గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తూ పైకి చదువుకుంటూ ప్రాంప్ట్ రాస్తుంది. తమ్ముడు చదివి "బావుందక్కా" అంటాడు. మర్నాడు మరదలు వీడియో ముక్కల్ని టీవీలో వేస్తుంది. అక్క కాళ్లు చాపుకుని చూసి, "చూశావా, మాట సరిగ్గా పడితే మెషీనైనా మనసు పెడుతుంది," అంటుంది. తమ్ముడు తలూపుతాడు. మరదలు ఆ సమయానికి వెనక గదిలో ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోతుంది.

అలాంటి రోజుల్లో ఒక గేము కంపెనీ నుంచి గుహ జంతువు పని వచ్చింది. కంపెనీ డైరెక్టరు ఫోన్లో చెప్పింది కొంచెమే. కొండ, కొండలో గుహ, గుహలోంచి ఒక జంతువు బయటికొస్తుంది. అంతకుముందు ఎవరూ చూడని జంతువు. ఎంత పెద్దదో చూసేవాడికి ఒంటిమీద తెలియాలి. అది బయటపడే క్షణంలో గొంతు తడారిపోవాలి. తమ చిత్రకారులు వేసిన జంతువు బొమ్మలూ, గేము కథ రాసిన కాగితాలూ పంపారు. అక్క బొమ్మలు చూసింది. కాగితాలు పైపైన తిరగేసింది. కథలదేముంది, అన్నీ ఒకటే అనుకుంది.

ఒక పూటంతా నడిచి ఆవిడ రాసింది ఇది:

"గుహలోంచి ఒక భయంకరమైన, మహా భారీ, కొండంత, ఊహకే అందని, యుగయుగాల నాటి జంతువు గర్జిస్తూ మెరుపువేగంతో ముందుకు దూకుతుంది. దాన్ని చూసి లోకమంతా వణికిపోవాలి. కళ్లు చెదిరే, గుండెలదిరే, ఇంతకుముందెన్నడూ చూడని దృశ్యం."

తమ్ముడు చదివాడు. కాసేపు కిటికీలోంచి చూశాడు. "బావుందక్కా," అన్నాడు.

మర్నాడు టీవీలో వచ్చిన ముక్క చూసి అక్క నిజంగానే నోరు తెరిచింది. పొగమంచులో నల్లటి గుహ. దాని ముందు ఎడమవైపు కాగడా పట్టుకున్న ఒక మనిషి, బొటనవేలంత. చీకట్లోంచి జంతువు నెమ్మదిగా, ఏమాత్రం తొందర లేకుండా వస్తోంది. పైనుంచి రాళ్లు రాలాయి. మనిషి చేతిలోంచి కాగడా జారి కిందపడింది. జంతువు తల పైకి లేస్తూ లేస్తూ టీవీ అంచు దాటి పైకి పోయింది, ఇంక కనపడలేదు.

"కాగడావాణ్ణి నేను రాయనేలేదే!" అంది అక్క మురిసిపోతూ. "మెషీను సొంతంగా కనిపెట్టింది. నా మాటల్లో అంత ఊపు ఉంటే దానికి మాత్రం ఊహ రాదూ!"

మెషీను సొంత తెలివి చూపించడం వింతేమీ కాదు. మనం చెప్పని ఖాళీలన్నీ అది తనకి తోచినట్టు నింపుతుంది. గుర్రమని రాస్తే జీను వేస్తుంది, ఒక్కోసారి ఐదో కాలూ వేస్తుంది. అందుకే అక్కకి అనుమానం రాలేదు. ఆ సాయంత్రం కింద టైర్ల కొట్టువాడికి కూడా కాగడావాడి సంగతి చెప్పింది. అతను బోల్టు బిగిస్తూ చాలా గొప్ప విషయమని ఒప్పుకున్నాడు.

గుట్టు రట్టయింది ఆ మర్నాడు. మరదలు పన్ను నొప్పని డాక్టరు దగ్గరికి వెళ్లింది. కంప్యూటరు తెరిచే ఉంది. ఒకే ప్రాంప్టుని మెషీనుకి పదిసార్లు ఇస్తే పది రకాలుగా చేస్తుంది కాబట్టి, వాటిలోంచి మంచిది ఏరుకోవడానికి మరదలు అన్నీ దాచి ఉంచుతుంది. తన గుహ జంతువు మిగతా అవతారాలు ఎలా ఉన్నాయో చూద్దామని అక్క కూర్చుంది.

మొదటిదాంట్లో జంతువుకి తోక రెండు పాయలుగా ఉంది. రెండోదాంట్లో గుహ పక్క జలపాతం. మూడోదాంట్లో జంతువు ఎర్రగా ఉంది, మనిషికి గడ్డముంది. ఇంకోదాంట్లో గుహ పైన చంద్రుడు, మరోదాంట్లో మనిషి గొడుగులాంటిదేదో వేసుకున్నాడు. దేనికదే వేరు. అక్క నవ్వుకుంటూ చూసింది. నవ్వుకుంటూ ఉండగానే ఆవిడ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

ప్రతిదాంట్లోనూ మనిషి ఉన్నాడు. ప్రతిదాంట్లోనూ ఎడమవైపే ఉన్నాడు. ప్రతిదాంట్లోనూ అతని చేతిలో కాగడా ఉంది, రాళ్లు రాలాక అది కిందపడుతోంది.

మెషీను సొంతంగా వేసినవి ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రావు. చంద్రుడు ఒకదాంట్లో ఉంటాడు, ఇంకోదాంట్లో మాయమవుతాడు. ప్రతిసారీ అదే చోట, అదే పని చేస్తూ వచ్చిందంటే అది మెషీను ఊహ కాదు. ఎవరో రాశారు. రెండేళ్లు ఈ పని చేసినావిడకి ఆ మాత్రం తెలుసు.

ఆవిడ రాయలేదు.

మరదలు దవడ పట్టుకుని తిరిగొచ్చేసరికి అక్క అదే కుర్చీలో ఉంది. "కాగడా ఎవరు రాశారు?" అని అడిగింది.

పన్నుకి మందు పెట్టించుకొచ్చింది కాబట్టి మరదలికి మాట్లాడకుండా తప్పించుకునే వీలుంది. ఆవిడ ఆ దారి పట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ తమ్ముడు," అంది సగం మూసిన నోటితోనే.

"ఇదొక్కటేనా?"

"అన్నీ వదినా. మీరు వచ్చిన మొదటి వారం నుంచీ. మీరు వెళ్లాక కూర్చుని తిరగరాస్తారు. నాకిష్టం లేదు, చాలాసార్లు చెప్పాను. అక్క మనసు కష్టపడుతుందంటారు."

అక్క తలలో రెండేళ్ల "బావుందక్కా"లన్నీ వరసగా తిరిగాయి. ప్రతి ఒక్కటీ ఇప్పుడు చెంపదెబ్బలా తగిలింది. ఒళ్లంతా మండింది, సిగ్గుతో కొంత, కోపంతో ఎక్కువ. పూలగుత్తి ఇచ్చి పంపినవాళ్లే నయమనిపించింది; వాళ్లు కనీసం అక్కర్లేదని మొహం మీదే చెప్పారు. ఇక్కడ ఆవిడ రోజూ ఉద్యోగానికి వస్తున్నాననుకుంది, వచ్చింది తమ్ముడి జాలి దగ్గరికి. తను ఈ కుర్చీకి పనికొస్తుందా, లేక తనకోసమే ఈ కుర్చీ వేశారా? అది తేల్చుకోకుండా ఇంటికి పోలేననుకుంది.

"నేను రాసింది ఉన్నదున్నట్టు మెషీనుకి ఇవ్వు," అంది.

"ఎందుకు వదినా..."

"ఇవ్వు."

మరదలు ఇచ్చింది. కాసేపటికి వచ్చిన ముక్కని ముందు గదిలో టీవీలో వేసింది. గుహలాంటి ఒక కన్నం. అందులోంచి ఒక జంతువు చటుక్కున దూకి, ఇటూ అటూ తల తిప్పి నోరు తెరిచింది. చుట్టుపక్కల దాని సైజు తెలిపేది ఒక్కటీ లేదు. ఆ దూకుడుకీ ఆ తల తిప్పుడుకీ అచ్చం గోడ సందులోంచి వచ్చిన తొండలా ఉంది. 'లోకమంతా వణికిపోవాలి' అని రాసినందుకు మెషీను బొమ్మ మొత్తాన్ని గజగజ వణికించింది. మహా భారీ, కొండంత, ఊహకే అందని అనే మాటలు ఎక్కడ పడ్డాయో వెతికినా దొరకలేదు.

మరదలు నవ్వు ఆపుకోబోయి పన్ను నొప్పితో మొహం ముడుచుకుంది. అక్క నవ్వలేదు. "దీనికా బావుందన్నాడు!" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తమ్ముడు మెట్లెక్కి వచ్చేసరికి టీవీలో తొండ దూకుతూ ఉంది. అయిపోగానే మళ్లీ మొదటినుంచి దూకుతోంది. అతను దాన్ని చూశాడు, అక్కని చూశాడు, భార్యని చూశాడు. భార్య దవడ పట్టుకుని గోడవైపు తిరిగింది.

"అక్కా, అది..." అని నీళ్లు నమిలాడు.

"ఒరేయ్, నువ్వు లెక్కల్లో తప్పినప్పుడు బాగా చేశావని అన్నానా ఎప్పుడైనా?"

"లేదు."

"ఏం చేశాను?"

"కొట్టావు."

"మరి నువ్వేం చేశావు? రెండేళ్లు నా చెవిలో పువ్వులు పెట్టావు. నేను మీ మెషీన్ని పొగుడుకుంటూ టైర్ల కొట్టువాడి దాకా వెళ్లాను."

"నీకు చెబితే బాధపడతావని..." అన్నాడు తమ్ముడు. "వాళ్లు అలా పంపించేశాక నువ్వు నెలరోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేనూ బాలేదంటే నువ్వు ఇంట్లోనే కూర్చుండిపోతావేమోనని భయమేసింది. అంతే అక్కా."

అతను చెప్పింది నిజమే. ప్రేమ కూడా నిజమే. దానివల్ల అక్క కోపం తగ్గకపోగా ఇంకొంచెం పెరిగింది. తిట్టడానికి వీల్లేని మంచితనం మీద వచ్చే కోపం అది.

"ఈ జంతువు పని నేనే రాస్తాను," అంది. "నువ్వు ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. బాలేకపోతే బాలేదను, మొహాన కొట్టు. ఎన్నిసార్లయినా రాస్తాను. అది నీవల్ల కాదంటే రేపటినుంచి నేను రాను. జాలి ఇంటికి పంపించు, వచ్చినప్పుడు తలుపు తీస్తాను."

తమ్ముడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమైతే ఒప్పుకున్నాడు గానీ, బాలేదు అనే మూడక్షరాలు అతని నోట రావడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. అక్క తెచ్చిన కాగితం చదివి, గొంతు సవరించుకుని, మంచినీళ్లు తాగి, "అంటే ఇది... కొంచెం..." అన్నాడు. ఆవిడ చెయ్యి నడుముమీద పెట్టుకుని నిలబడింది. "బాలేదు," అన్నాడు చివరికి, ఎవరో వీపుమీద చరిచినట్టు.

"ఎందుకు బాలేదు?"

అక్కడినుంచి అతనికి మాట వచ్చింది. పని సంగతి మాట్లాడితే అతను వేరే మనిషి. "భారీ అని నువ్వు నూరుసార్లు రాసినా తెరమీద భారీతనం రాదక్కా. తెరకి కొలబద్ద ఉండదు. చూసేవాడికి సైజు తెలిసిన వస్తువొకటి పక్కన పెట్టాలి. మనిషి, పక్షి, చెట్టు, ఏదో ఒకటి. ఇంకోటి, పెద్ద ఒళ్లు మెల్లగా కదులుతుంది. మెరుపువేగంతో దూకితే అది ఎలుకే. కెమెరా నేలదగ్గర పెట్టి పైకి చూడాలి. మధ్యలో మంచు ఉంటే దూరం తెలుస్తుంది. జంతువు మొత్తం తెరలో పట్టకూడదు. పట్టిందంటే చిన్నదైపోయినట్టే."

అక్క విన్నది. విని, అతను తిరగరాసిన ప్రాంప్ట్ చూపించమంది. చదివింది. పాతికేళ్లుగా ఇతరులు తన రాతకి చేసింది ఆవిడ ఇప్పుడు అతని రాతకి చేసింది.

"సైజు వచ్చింది, ఒప్పుకుంటాను," అంది. "కానీ మజా లేదు. ఏదో ఉందని గొంతు తడారాలంటే ముందు అది కనపడకూడదు కదా. నువ్వు జంతువు వస్తుందని అంతా ఒకే ముక్కలో రాసేశావు, మెషీను మొదటి రెప్పపాటులోనే చూపించేసింది. నిన్నటి వీడియోలో రాళ్లు రాలకముందే దాని మూతి కనపడుతోంది. ఇంక బయటపడటానికేం మిగిలింది?"

"జంతువు మొదట కనపడకూడదు అని కూడా రాసి చూశాను," అన్నాడు తమ్ముడు. "అలా రాస్తే మరీ ముందుకొచ్చి నిలబడుతోంది."

అది ఈ మెషీన్ల గుణం. వద్దన్నదాని పేరు ఎత్తినా చాలు, పేరు విన్నాను కదా అని తెచ్చి పెడతాయి. అక్క కిటికీ దగ్గర్నుంచి గోడదాకా రెండుసార్లు నడిచింది.

"అయితే మొదటి ముక్కలో జంతువన్న మాటే రాయొద్దు," అంది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ గదిలో జరిగింది చూస్తే కొట్లాట అనుకోవచ్చు. అక్క ఒకే ప్రాంప్టుని నాలుగు ముక్కలుగా విడగొట్టింది. ఒక్కో ముక్కకి ఒక్కటే పని. తమ్ముడు మూడోదాన్ని ఐదుసార్లు వెనక్కి కొట్టాడు. రెండోసారికి అతని గొంతులో మొహమాటం పోయింది, నాలుగోసారికి "ఇదేం రాతక్కా, సబ్బు అమ్ముతున్నావా?" అన్నాడు. ఆ మాటకి అక్క చెప్పులేసుకుని మెట్లు దిగి, టైర్ల కొట్టు ముందు నిలబడి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కి వచ్చింది. వస్తూ ఆవిడకి అర్థమైంది: కడుపు మండుతోంది గానీ, లోపల ఎక్కడో హాయిగా ఉంది. రెండేళ్లలో మొదటిసారి ఎవరో తన రాతని చదివారు.

మెషీను కూడా తక్కువేం తినలేదు. ఒకసారి మనిషికి మూడో చెయ్యి ఇచ్చింది. ఒకసారి పక్షుల్ని వెనక్కి ఎగిరించింది. ఒక ముక్క చివరి బొమ్మనే తర్వాతి ముక్కకి మొదటి బొమ్మగా ఇచ్చి, పక్కన కంపెనీవాళ్ల జంతువు బొమ్మలు పెట్టి, గుహ, మనిషి మారిపోకుండా మరదలు పట్టుకొచ్చింది. గర్జనలూ చప్పుళ్లూ విడిగా చేర్చింది. గేము పేరు మెషీను చేత రాయిస్తే అక్షరాలు అష్టవంకరలు పోతాయని, అది తనే చివర్లో అతికించింది.

అయ్యాక ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు.

గుహ. ముందు చిన్న మనిషి, చేతిలో మంట. గాలి లేదు, మంచు కదలడం లేదు. అయినా మంట నెమ్మదిగా గుహవైపు వంగింది. ఆగింది. తర్వాత అంతే నెమ్మదిగా బయటివైపు వంగింది. మళ్లీ లోపలికి. లోపల ఏదో ఊపిరి తీస్తోంది. అంతే, ఇంకేం లేదు. రెండో ముక్కలో మనిషి పక్కన రాతిమీద ఒక గోరు ఆనింది. ఒకే ఒక్క గోరు, మనిషి భుజందాకా ఉంది. మూడోదాంట్లో బండలాంటి దాని ఒళ్లు తెరనిండా జరుగుతూ పోయింది, ఎంతకీ అవలేదు. దాని పగుళ్లలో గూళ్లు పెట్టుకున్న పక్షులు గుంపుగా లేచాయి. నాలుగోది చాలా దూరంనుంచి. కొండ, కొండ కింద చుక్కంత మంట. కొండ అనుకున్నదాంట్లో సగం పైకి లేచింది. లేచి, ఆగి, ఇటు తిరిగి, ఒక పెద్ద పసుప్పచ్చ కన్ను తెరిచింది.

కింద ఎవరో బోల్టు విప్పారు, కప్పులు గడగడలాడాయి. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

తమ్ముడు బావుందక్కా అనలేదు. "ఆ మంట వంగడం నాకు జన్మలో తట్టదు," అన్నాడు.

వీడియో పంపారు. రెండోరోజు పొద్దున గేము కంపెనీ డైరెక్టరు వీడియో కాల్లో తెరమీదకి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మాట మెత్తన. మొదటి ముక్క తమ ఆఫీసులో అందరికీ నచ్చిందన్నాడు. రెండోదానికి ఒకమ్మాయి అరిచిందట. అక్క వెన్ను నిటారైంది.

"కానీ చివర్లో ఆ కన్నేంటండీ?" అన్నాడు.

"కన్నంటే... అది చూస్తుంది కదా, అదే బయటపడే క్షణం," అన్నాడు తమ్ముడు.

"మా జంతువుకి కళ్లు లేవండి. పుట్టినప్పటినుంచీ చీకట్లో ఉంటుంది. బొమ్మల్లో ముందు భాగమంతా ఎముకే వేశాం కదా. గేమంతా దానిమీదే నడుస్తుంది, చప్పుడు చేయకుండా దాని పక్కనుంచి తప్పించుకోవాలి. అది చూడగలిగితే మాకు గేమే లేదు. మేం పంపిన కాగితాల్లో మొదటి పేజీలోనే ఉంది. ఎవరూ చదవలేదా?"

బొమ్మల్లో ఎముక అక్క చూసింది. దానికింద కళ్లు ఉండే ఉంటాయనుకుంది. జంతువన్నాక కన్ను తెరవదా అనుకుంది.

తమ్ముడు ముందుకు వంగాడు. "అది మా వైపునుంచి చిన్న పొరపాటండీ, నేనే చూసుకోకుండా..."

"నువ్వుండరా," అంది అక్క. తర్వాత తెరవైపు తిరిగింది. "రాసింది నేనండీ. కథ చదవకుండా రాశాను. కన్ను నాది. తప్పు నాది."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో ఎక్కడో కొంచెం గర్వం కూడా వినిపించింది. డైరెక్టరుకి అది అంతుపట్టలేదు. తప్పు చేసినవాళ్లు అంత వెలుగు మొహంతో ఒప్పుకోవడం అతను ఎప్పుడూ చూసి ఉండడు. ఆ నాలుగు ముక్కల్లోనూ ఒక్క మాట కూడా ఎవరూ ఆవిడకి తెలియకుండా మార్చలేదు. మంచైనా తప్పైనా అంతా ఆవిడదే.

"అయితే అది చూడదు," అంది అక్క ఆలోచిస్తూ. "వింటుంది. తల మెల్లగా కిందికి దించి, మనిషి దాకా తెచ్చి ఆపాలి. మొహం ఉండాల్సిన చోట ఉట్టి ఎముక. వాడు ఊపిరి బిగబట్టి నిలబడతాడు. అది కూడా అలాగే ఉంటుంది. ఎవరూ కదలరు. అక్కడ ముక్క కోసేయాలి."

"అది రాసి పంపండి," అన్నాడు డైరెక్టరు. వారంలోగా కావాలన్నాడు. తెర నల్లబడింది.

ఇంక తమ్ముడు ఆగలేదు. కుర్చీలోంచి లేచాడు. పని తీసుకున్నాక మొదట చేయాల్సింది ఇచ్చింది చదవడమన్నాడు. అది కూడా చేయకుండా నాలుగు రోజులు అందరి ప్రాణాలు తోడేసిందన్నాడు. ఆవిడ చదివే ఉంటుందని నమ్మి తనూ తెరవలేదన్నాడు. మొదటి పేజీలో ఉందటక్కా, మొదటి పేజీలో, అన్నాడు రెండు చేతులూ ఊపుతూ. ఆవిడ స్థానంలో ఇంకెవరైనా ఉంటే ఈపాటికి ఏం జరిగేదో చెప్పాడు. మరదలు గుమ్మంలో నిలబడి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

అక్క కుర్చీలో కదలకుండా కూర్చుని, ఆ తిట్లన్నీ చివరిదాకా వింది. అతను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, కథ కాగితాలు ముందుకు లాక్కుని మొదటి పేజీ తీసింది.

"ఇంకా ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది.